ఆగకుండా తలుపు తట్టే ప్రోగ్రామ్

నెట్‌వర్క్ మీద పంపిన ప్రతి రిక్వెస్టుకూ జవాబు వస్తుందన్న హామీ లేదు. దారిలో ప్యాకెట్ తప్పిపోవచ్చు, వైర్‌లెస్ సిగ్నల్ క్షణం పాటు తెగిపోవచ్చు, అవతలి సర్వర్ సరిగ్గా అదే సమయానికి రీస్టార్ట్ అవుతూ ఉండవచ్చు. వీటిలో చాలావరకు కాసేపట్లో సర్దుకునేవే. అందుకే జవాబు రాకపోతే అదే రిక్వెస్టును మరోసారి పంపేలా ప్రోగ్రామ్ రాసేవారు ఏర్పాటు చేస్తారు. దీన్ని రీట్రై అంటారు. ఫోన్‌లో, రౌటర్‌లో, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో, అంతటా ఇది పనిచేస్తూనే ఉంటుంది. వాడేవారి కంటపడకుండానే రోజూ ఎన్నో చిన్న చిన్న తప్పులను సరిదిద్దుతుంది.

అయితే ఈ ఏర్పాటును అతి తేలిగ్గా రాస్తే రెండు వరుసల్లో అయిపోతుంది:

```
while not reply:
    reply = ask(server)
```

జవాబు లేనంతసేపూ అడుగుతూనే ఉండమని దీని అర్థం. ఎన్నిసార్లు అడగాలో ఇందులో లేదు. రెండు ప్రయత్నాల మధ్య ఎంతసేపు ఆగాలో కూడా లేదు. రాసినవారి బల్లమీద పరీక్షించినప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. అక్కడ అడిగేది ఒక్క యంత్రమే, సర్వర్ ఆరోగ్యంగా ఉంటుంది, మొదటి ప్రయత్నంలోనే జవాబు వస్తుంది. లూప్ రెండోసారి తిరిగే అవసరమే రాదు. లోపం బయటపడేది సర్వర్‌కు కష్టం వచ్చిన రోజున, ఇదే ప్రోగ్రామ్ లక్షల యంత్రాల్లో ఒకేసారి తిరుగుతున్నప్పుడు. 2003లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయానికి ఎదురైన అనుభవంలో ఈ లోపం పూర్తిగా కనిపిస్తుంది.

మాడిసన్‌లో సమయం చెప్పే యంత్రం

కంప్యూటర్లు తమ గడియారాలను సరిచేసుకోవడానికి ఎన్‌టీపీ అనే పద్ధతి ఉంది. ఇప్పుడు టైమ్ ఎంత అని అడిగే చిన్న ప్యాకెట్‌ను టైమ్ సర్వర్‌కు పంపితే, అది అంతే చిన్న ప్యాకెట్‌లో జవాబిస్తుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాడిసన్ క్యాంపస్‌లో ఇలాంటి సర్వర్ ఒకటి ఉండేది. ఎవరైనా వాడుకునేలా దాన్ని బయటివారికి కూడా తెరిచి ఉంచారు. ఇంటర్నెట్‌లో అలా సేవలందించడం అప్పటికే పాత సంప్రదాయం.

2003 మే నెలలో ఆ సర్వర్ వైపు ప్యాకెట్లు వరదలా రావడాన్ని అక్కడి నెట్‌వర్క్ ఇంజనీర్లు గమనించారు. అవి ప్రపంచంలోని ఎన్నో చిరునామాల నుంచి వస్తున్నాయి. అన్నీ ఒకే తీరున ఉన్నాయి, అన్నీ 23457 అనే ఒకే పోర్టు నుంచి బయలుదేరుతున్నాయి. విడివిడి కంప్యూటర్లు తమంతట తాము అడుగుతుంటే అంత ఏకరూపంగా ఉండే అవకాశం తక్కువ. ఎవరో దొంగ చిరునామాలతో కావాలని దాడి చేస్తున్నారని మొదట అనుకున్నారు. దాడి జరిగినప్పుడు ఎవరైనా చేసే పనే వాళ్లూ చేశారు. ఆ గుర్తున్న ప్యాకెట్లను క్యాంపస్ నెట్‌వర్క్ సరిహద్దులోనే ఆపేశారు.

మామూలు దాడి అయితే కొన్నాళ్లకు సద్దుమణుగుతుంది. ప్రయోజనం లేదని తెలిశాక దాడి చేసేవారు మరోచోటికి వెళతారు. ఇక్కడ దానికి విరుద్ధంగా జరిగింది. అడ్డు పెట్టాక వరద పెరిగింది. జూన్ నాటికి సెకనుకు 2,50,000 ప్యాకెట్లకు చేరింది. ఆ ప్యాకెట్లు ఒక్కొక్కటి 76 బైట్లు. అంటే సెకనుకు దాదాపు 150 మెగాబిట్ల రద్దీ, అదంతా పనికిరాని రద్దీయే.

విశ్వవిద్యాలయంలో పనిచేసే డేవ్ ప్లాంకా ఈ ప్యాకెట్ల మూలం కోసం వెతికారు. చిరునామాలు దొంగవి కావని, వాటి వెనుక నిజమైన ఇళ్లు, నిజమైన ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్నాయని తేలింది. ఆ ఇళ్లన్నింటిలో ఉన్నది ఒకే రకం వస్తువు, నెట్‌గేర్ సంస్థ తయారుచేసిన చిన్న ఇంటి రౌటర్. మొత్తం నాలుగు మోడళ్లలో ఈ లోపం ఉంది. తయారైన రౌటర్ల సంఖ్య 7,07,147.

రౌటర్ లోపల ఏం జరిగింది

ఆ రౌటర్ల ఫర్మ్‌వేర్‌లో, అంటే పరికరంలోనే ఇమిడి ఉండే సాఫ్ట్‌వేర్‌లో, రెండు తప్పులు జంటగా ఉన్నాయి. టైమ్ అడగడానికి ఒకే ఒక్క సర్వర్‌ను పెట్టుకోవడం, అది కూడా మాడిసన్ సర్వర్ చిరునామాను అంకెలతో నేరుగా ప్రోగ్రామ్‌లో రాసేయడం మొదటి తప్పు. సర్వర్‌కు పేరు వాడి ఉంటే, ఆ పేరును తర్వాత మరో యంత్రానికి మళ్లించే వీలుండేది. అంకెల చిరునామాకు ఆ వెసులుబాటు లేదు. జవాబు రానంతకాలం సెకనుకోసారి చొప్పున అడుగుతూనే ఉండటం రెండో తప్పు. ఎన్నిసార్లు విఫలమైనా విరామం పెరగదు, ఎన్నాళ్లైనా ప్రయత్నం ఆగదు.

రౌటర్ నెమ్మదించాలంటే జవాబు అందడమొక్కటే మార్గం. ఇంజనీర్లు అడ్డు పెట్టినప్పుడు వరద ఎందుకు పెరిగిందో దీంతో అర్థమవుతుంది. అప్పటిదాకా జవాబు అందుకున్న రౌటర్లు కాసేపు నిశ్శబ్దంగా ఉండేవి. అడ్డు పెట్టాక ఏ రౌటర్‌కూ జవాబు లేదు. తర్వాతిసారి టైమ్ అడగాల్సిన ఘడియ రాగానే ప్రతి రౌటరూ సెకనుకోసారి అడిగే లూప్‌లో పడింది, ఇక బయటికి రాలేదు. దాడి చేసేవారికి మౌనం ఆగమని చెబుతుంది. ఈ లూప్‌కు మాత్రం అదే మౌనం మళ్లీ అడగమని చెబుతుంది.

లెక్క చూస్తే భారం ఎంతో తెలుస్తుంది. ఒక్క రౌటర్ సెకనుకు పంపేది ఒక్క చిన్న ప్యాకెట్. ఆ ఇంటివాళ్లకు అది తెలియను కూడా తెలియదు, వాళ్ల ఇంటర్నెట్ మామూలుగానే పనిచేస్తుంది. కానీ ఏడు లక్షల రౌటర్లలో మూడో వంతుకు కాస్త పైగా ఒకేసారి ఆ లూప్‌లో ఉన్నా, సెకనుకు రెండున్నర లక్షల ప్యాకెట్లు అవుతాయి. అడిగేవారికి నొప్పి లేదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. నొప్పంతా ఒక్కచోటే ఉంది, అక్కడివారికేమో ఆ రౌటర్ల మీద ఏ అధికారమూ లేదు.

కోలుకోనివ్వని భారం

మాడిసన్ కథలో సర్వర్‌కు ముందు నుంచీ జబ్బు లేదు. మామూలుగా ఎక్కువసార్లు కనిపించే పరిస్థితి మరొకటి. సర్వర్ ఏదో కారణంతో కాసేపు ఆగుతుంది, ఆ కారణం తొలగిపోతుంది, అయినా సర్వర్ లేవలేకపోతుంది. రీట్రై లూప్ చేసే అసలు హాని ఇదే. దీన్ని ఒక ఊహాజనిత ఉదాహరణతో, గుండ్రటి అంకెలతో చూడవచ్చు.

ఒక టికెట్ల యాప్ ఉందనుకుందాం. దాని సర్వర్ సెకనుకు 1,000 రిక్వెస్టులు పూర్తిచేయగలదు. మామూలు రోజున సెకనుకు 800 కొత్త రిక్వెస్టులు వస్తాయి. అంటే కొంత తీరిక ఉన్నట్టే. ఒకరోజు సర్వర్ సరిగ్గా ఒక్క నిమిషం ఆగిపోయింది. ఆ నిమిషంలో యాప్ తెరిచినవారు 48,000 మంది. ఎవరికీ జవాబు రాలేదు. ప్రతి ఫోనూ సెకనుకోసారి మళ్లీ అడుగుతూ ఉంది.

నిమిషం తర్వాత సర్వర్ లేచింది. దాని ముందు సెకనుకు 48,000 రిక్వెస్టులు ఉన్నాయి. పైపైన చూస్తే ఇదేమంత ప్రమాదం కాదనిపిస్తుంది. సెకనుకు వెయ్యి మందిని పంపిస్తూ, కొత్తగా 800 మంది వస్తూ ఉంటే, నికరంగా సెకనుకు 200 మంది తగ్గుతారు, నాలుగు నిమిషాల్లో అంతా తీరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ లెక్కలో ఒక ఖర్చు తప్పిపోయింది. ఒక రిక్వెస్టును తిరస్కరించడం కూడా పనే. కనెక్షన్ అందుకోవాలి, వచ్చిందేమిటో చదవాలి, కుదరదని చెప్పాలి. ఆ పని, టికెట్ ఇచ్చే పనిలో యాభయ్యో వంతే అనుకున్నా, 48,000 తిరస్కరణలకు 960 టికెట్లిచ్చేంత శ్రమ పడుతుంది. మిగిలిన శక్తితో సెకనుకు దాదాపు 40 మందికే టికెట్ ఇవ్వగలదు. అదే సెకనులో కొత్తగా వచ్చేవారు 800 మంది. గుంపు తగ్గదు, పెరుగుతూ పోతుంది. కాసేపటికి ఆ 40 మందికి కూడా సర్వర్ పనిచేయలేదు.

అసలు లోపం నిమిషంలోనే పోయింది. అయినా సర్వర్ పడే ఉంది. ఇప్పుడు దాన్ని పడేసి ఉంచుతున్నది దాన్ని వాడుకోవాలని వచ్చినవారి ఫోన్లే. యంత్రం బలహీనంగా ఉన్నప్పుడే బరువు ఎక్కువవుతుంది, బరువు వల్ల బలహీనత కొనసాగుతుంది. ఈ వలయం తనంతట తాను తెగదు. రిక్వెస్టులను కాసేపు బయటే ఆపి కొద్దికొద్దిగా వదలాలి, లేదా సర్వర్ శక్తిని చాలా రెట్లు పెంచాలి.

ఇలాంటి స్థితిని గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. వచ్చే రిక్వెస్టుల సంఖ్య చాలా రెట్లు పెరుగుతుంది, కానీ వేర్వేరు వినియోగదారుల సంఖ్య అంతగా పెరగదు. ఒకే చిరునామా నుంచి ఒకే రిక్వెస్టు సమాన విరామంతో వరుసగా కనిపిస్తుంది. సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే కొన్ని క్షణాలు బాగానే ఉండి, లోపల ఏ తప్పూ లేకుండానే మళ్లీ పడిపోతుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే, జబ్బు సర్వర్‌లో కాక అడిగేవారి లూప్‌లో ఉందని అనుమానించాలి.

హద్దు, విరామం, చెదరగొట్టడం

మందు కూడా లూప్‌లోనే ఉంది. సరిగా రాసిన రీట్రై మరీ పెద్దదేమీ కాదు:

```
delay = 1
for attempt in range(8):
    reply = ask(server)
    if reply:
        break
    sleep(random.uniform(0, delay))
    delay = min(delay * 2, 60)
```

ఇందులో మూడు మార్పులున్నాయి. మొదటిది హద్దు. ఎనిమిది ప్రయత్నాల తర్వాత ప్రోగ్రామ్ ఆగిపోతుంది, కుదరలేదని వాడేవారికి చెబుతుంది. ఈ మాట చెప్పడానికి చాలామంది ప్రోగ్రామర్లు జంకుతారు, కానీ ఎంతకీ తిరుగుతూనే ఉండే చక్రం గుర్తు కన్నా అదే మేలు. పాస్‌వర్డ్ తప్పు, అడిగిన పేజీ లేదు లాంటి జవాబులు వస్తే రెండో ప్రయత్నం కూడా అనవసరం. వందసార్లు అడిగినా ఆ జవాబు మారదు.

రెండోది పెరిగే విరామం. మొదటి వైఫల్యం తర్వాత గరిష్ఠంగా ఒక సెకను, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, ఇలా రెట్టింపవుతూ అరవై దగ్గర ఆగుతుంది. క్షణికమైన అంతరాయమైతే మొదటి ఒకటి రెండు ప్రయత్నాల్లోనే తీరిపోతుంది, వాడేవారికి ఆలస్యం తెలియదు. అంతరాయం పెద్దదైతే, అది పెద్దదని ప్రతి వైఫల్యమూ రుజువు చేస్తున్నట్టే కాబట్టి, ప్రోగ్రామ్ అంతకంతకు నెమ్మదిస్తుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. ఒకే తీగను పంచుకునే కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడి ఢీకొంటే ఏం చేయాలన్న ప్రశ్నకు, ఈథర్‌నెట్‌ను రూపొందించిన మెట్‌కాఫ్, బాగ్స్ 1976 నాటి తమ వ్యాసంలో ఇలాంటి సమాధానమే ఇచ్చారు. ఢీకొన్నకొద్దీ సగటు విరామం రెట్టింపు కావాలి, అది యాదృచ్ఛికంగా ఉండాలి అన్నారు.

ఆ యాదృచ్ఛికతే మూడోది. పై ప్రోగ్రామ్ సరిగ్గా `delay` సెకన్లు ఆగదు. సున్నా నుంచి ఆ హద్దు దాకా ఏదో ఒక అంకె ఎంచుకుని అంతసేపు ఆగుతుంది. ఇది లేకపోతే విరామం పెరిగినా గుంపు విడిపోదు. సర్వర్ ఒక్కసారిగా ఆగినప్పుడు వేలమంది ఒకే క్షణంలో విఫలమవుతారు. అందరూ సరిగ్గా నాలుగు సెకన్లు ఆగితే అందరూ నాలుగో సెకనులో ఒక్కుమ్మడిగా తిరిగొస్తారు, మళ్లీ విఫలమై ఎనిమిది సెకన్ల తర్వాత మళ్లీ కలిసే వస్తారు. మధ్యలో సర్వర్ ఖాళీగా కూర్చుంటుంది, వాళ్లు వచ్చిన క్షణంలో మునిగిపోతుంది. ఎవరి విరామం వారిదైతే వాళ్లంతా కాలం పొడవునా చెదిరిపోతారు.

టికెట్ల యాప్ లెక్కకు తిరిగి వెళితే తేడా తెలుస్తుంది. అదే 48,000 మంది ఉన్నారు. అందరూ గరిష్ఠ విరామానికి చేరుకున్నారనుకుంటే, ఒక్కొక్కరు సగటున అర నిమిషానికోసారి అడుగుతారు, అంటే సెకనుకు 1,600 రిక్వెస్టులు. కొత్తవి 800 కలిపితే 2,400. సర్వర్ వాటిలో దాదాపు 970 పూర్తిచేస్తుంది, మిగతావాటిని తిరస్కరించడానికి అయ్యే శ్రమ 30 టికెట్లకు సమానం కూడా కాదు. సెకనుకు 170 మంది చొప్పున గుంపు తగ్గుతుంది, ఐదు నిమిషాల్లోపు అంతా మామూలైపోతుంది. సర్వర్ అదే, జనం అంతే. మారింది లూప్‌లోని నాలుగు వరుసలు.

పెద్ద వ్యవస్థల్లో ఇంకో జాగ్రత్త కావాలి. యాప్ ఒక సర్వర్‌ను అడుగుతుంది, అది రెండో సర్వర్‌ను, అది డేటాబేస్‌ను అడుగుతుంది. మూడు అంచెల్లోనూ విడివిడిగా నాలుగేసి ప్రయత్నాలు రాసుకుంటే, వినియోగదారు ఒక్కసారి మీట నొక్కితే డేటాబేస్‌కు నాలుగు నాలుగుల పదహారు, పదహారు నాలుగుల అరవై నాలుగు రిక్వెస్టులు చేరవచ్చు. ప్రతి అంచెలోనూ హద్దు ఉంది, ప్రతి హద్దూ చిన్నదే, అయినా గుణింపు దాన్ని పెద్దది చేసింది. అందుకే మళ్లీ ప్రయత్నించే బాధ్యత ఒక్క అంచెకే ఇచ్చి, మిగతావి వైఫల్యాన్ని వెంటనే పైకి చెప్పేలా రాయడం మంచిది.

సర్వర్‌కు కూడా మాట చెప్పే వీలుండాలి. వెబ్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది. సర్వర్ తాను పని చేయలేని స్థితిలో ఉన్నప్పుడు `503` అనే సంకేతంతో పాటు `Retry-After` అనే వరుసలో ఎన్ని సెకన్ల తర్వాత రావాలో చెప్పవచ్చు. అయితే ఆ మాట వినే పని అడిగే ప్రోగ్రామ్‌దే. వినని లూప్‌కు అది కూడా మరో వైఫల్యంలాగే కనిపిస్తుంది.

రౌటర్ల కథ ముగిసిన తీరు

నెట్‌గేర్ తన నాలుగు మోడళ్లకూ కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. అందులో రౌటర్ సంస్థ సొంత టైమ్ సర్వర్లను అడుగుతుంది, పది నిమిషాలకోసారి మాత్రమే అడుగుతుంది, ఐదుసార్లు విఫలమైతే ఊరుకుంటుంది. మొదట లేని విరామం, హద్దు రెండూ ఇప్పుడు వచ్చాయి. లోపాన్ని గుర్తించడంలో సాయపడినందుకు విశ్వవిద్యాలయానికి సంస్థ 3,75,000 డాలర్లు ఇచ్చింది.

కానీ కొత్త ఫర్మ్‌వేర్ విడుదల కావడం వేరు, అది రౌటర్లలోకి చేరడం వేరు. దాన్ని ఇంటి యజమాని తానే ఎక్కించుకోవాలి. తన ఇంటర్నెట్ బాగానే నడుస్తున్నవారికి ఆ పని చేయాలన్న ఆలోచన రాదు, లోపం ఉందన్న కబురు కూడా చాలామందికి చేరదు. అలాంటి రౌటర్ పాడై చెత్తలోకి వెళ్లేదాకా పాత లూప్ తిరుగుతూనే ఉంటుంది. వెబ్‌సైటులో తప్పు రాస్తే సాయంత్రానికి దిద్దవచ్చు. అమ్మేసిన పరికరంలో రాసిన తప్పు ఆ పరికరం ఉన్నంతకాలం ఉంటుంది. ఇంట్లో పెట్టే రౌటర్లు, కెమెరాలు, టీవీలలోకి వెళ్లే ప్రోగ్రామ్‌లో రీట్రై లూప్‌ను రెట్టింపు జాగ్రత్తతో రాయాల్సింది ఇందుకే.

మాడిసన్ అనుభవం తర్వాత నియమాలు కాగితం మీదికి వచ్చాయి. పరికరాల్లో అంకెల చిరునామాలను నేరుగా రాయడం ఎందుకు హానికరమో వివరిస్తూ ప్లాంకా రాసిన పత్రం 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4085గా వెలువడింది. ఆర్‌ఎఫ్‌సీలు ఇంటర్నెట్ పద్ధతులను నమోదుచేసే పత్రాలు. మరుసటి ఏడాది వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4330, టైమ్ అడిగే చిన్న పరికరాలకు నడవడి నేర్పింది. ఎట్టి పరిస్థితిలోనూ 15 సెకన్ల కన్నా తక్కువ వ్యవధిలో అడగకూడదని, జవాబు రాకపోతే విరామాన్ని రెట్లలో పెంచుతూ పోవాలని అందులో ఉంది. ఇక నన్ను అడగవద్దు అని సర్వర్ చెప్పే ప్రత్యేక ప్యాకెట్ కూడా అందులో ఉంది. అది అందుకున్న పరికరం ఆ సర్వర్‌ను వదిలి మరో సర్వర్‌ను వెతుక్కోవాలి. జవాబు అందితే తప్ప ఆగడం తెలియని ఆ రౌటర్లలో లేనిది సరిగ్గా ఈ వినికిడే.